అత్త మోకాళ్ళ పేరు చెప్పి

ఉద్యోగం దొరక్క ఏడ్చేవాళ్ళను లోకం చాలామందినే చూసింది. రెండు దొరికి ఏడ్చిన మనిషి పునీత.

రెండువేల సంవత్సరం మార్చి నెల. కంప్యూటర్ చదువు రెండు ముక్కలు వచ్చినవాణ్ణల్లా సింగపూర్ కంపెనీలు పిలిచి కుర్చీ వేస్తున్న రోజులు. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెలతోనే లెక్క పెట్టుకుంటాయి కాబట్టి తొంభై తొమ్మిది తరవాత సున్నా రాగానే అన్నీ తలకిందులవుతాయని బ్యాంకులన్నీ హడలిపోయాయి కదా, అలాంటి ఒక బ్యాంకులో పునీత ఆ ప్రోగ్రాములు సరిచేసే పని చేసింది. గండం గడిచింది. ఏరు దాటాక తెప్ప ఎవరికి కావాలి? నెలాఖరుతో ఒప్పందం అయిపోతుందన్నారు.

వెంటనే రెండు పిలుపులు వచ్చాయి. ఒకటి సైన్స్ పార్కు అనే ఆఫీసుల పేటలో కొత్త కంపెనీ. ఓడల సరుకు వివరాలు ఇంటర్నెట్టులో నడిపే సాఫ్ట్‌వేర్ చేస్తారు. చేరితే ఆరుగురికి పునీత పెద్ద. రెండోది బుకిట్ పంజాంగ్‌లో, వాళ్ళుండే ఫ్లాట్ల బ్లాకు వెనకే ఉన్న ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ గది చూసుకునే పని. మధ్యాహ్నం మూడింటికల్లా ఇల్లు చేరవచ్చు. జీతాల్లో తేడా ఉంది గానీ, రెండింటిలో ఏదైనా ఇల్లు గడుస్తుంది. భర్త విఘ్నేశ్వరన్ బస్సు డిపోలో సూపర్‌వైజరు. రెండు చోట్లకీ సోమవారంలోగా జవాబు చెప్పాలి.

ఇందులో ఆలోచించడానికేముంది, ఇల్లాలు కాబట్టి స్కూలే, అని పునీతే తీర్పు చెప్పేసింది. చెప్పి రాత్రంతా నిద్రపోకుండా దొర్లింది. తీర్పు నచ్చిన జడ్జీ అలా దొర్లుతాడా?

శనివారం ఊరికి ఆ కొసనున్న టాంపినీస్ వెళ్ళింది. అక్కడ శాలిని ఉంటుంది. గుంటూరు నుంచి వచ్చి పదేళ్ళయింది. ఉద్యోగాలు మారేవాళ్ళకు కమ్యూనిటీ క్లబ్బులో క్లాసులు చెబుతుంది. పునీతను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, చేతికి ఒక తెల్ల కాగితం ఇచ్చింది.

"ఆఫర్ల సంగతి పక్కన పెట్టండి. మీకు లైఫ్‌లో ఏది ముఖ్యమో రాయండి ముందు."

పునీత క్షణం తడుముకోకుండా 'కుటుంబం' అని రాసింది. తరవాత భద్రత, నలుగురిలో మర్యాద, సేవ. బడిలో పద్యం అప్పజెప్పిన పిల్లలా కాగితం తిప్పి చూపించింది.

శాలిని చదివి నవ్వింది. "బాగుంది. గోడకు తగిలించుకోవచ్చు. మీ అత్తగారు చూస్తే మురిసిపోతారు. అది సరే, ఈ మధ్య ఎప్పుడైనా ఒళ్ళు మరిచిపోయి పనిచేశారా? మాటలొద్దు, జరిగింది చెప్పండి."

అదేదో పిచ్చాపాటీ ప్రశ్న అనుకుని పునీత చెప్పడం మొదలుపెట్టింది. పోయిన నెల ఇరవై తొమ్మిదో తారీకుకి రెండు రోజుల ముందు, ఒక ఆదివారం. వడ్డీ లెక్కకట్టే ప్రోగ్రామొకటి ఫిబ్రవరి ఇరవై తొమ్మిదినే ఎగరగొట్టేస్తోంది. రాసినవాడెవడో అరకొర తెలిసినవాడు. వందతో భాగించబడే సంవత్సరం లీపు కాదని విన్నాడు, నాలుగువందలతో భాగించబడితే మళ్ళీ లీపేనని వినలేదు. ఖాళీ ఆఫీసులో ఒక్కతే కూర్చుని ఆ ఒక్క వరుస పట్టుకుంది. పట్టుకున్నప్పుడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టుకుంది. చెబుతూ చెబుతూ ఆమె ముఖం వెలిగిపోయింది. అంతలోనే ఆరిపోయింది.

"ఏమైంది?" అంది శాలిని.

"ఆరోజు నన్నెవరూ రమ్మనలేదండీ. సోమవారం చూద్దామన్నాడు మేనేజరు. ఇంట్లో మాత్రం అర్జంటుగా పిలిచారని చెప్పి వెళ్ళాను." ఆ మాట అని పునీత తల దించుకుంది. "మా సరయుకి జ్వరం ఆరోజు. అత్తే క్లినిక్కి తీసుకెళ్ళింది."

శాలిని అయ్యో అనలేదు, పరవాలేదనీ అనలేదు. కాగితం మీద 'కొత్త చిక్కు విప్పడం' అని తనే ఒక మాట రాసింది. తరవాత 'కుటుంబం' అన్న మాట కింద గీత గీసింది.

"ఇది ఉండాల్సిందే, కాదనట్లేదు. కానీ కుటుంబం అంటే మీ భాషలో ఏంటి? మూడింటికి ఇంట్లో ఉండటమా? ఇంకేదైనానా? ఈ రెండు చోట్లవాళ్ళనీ ఏం అడగాలో అది తేలితేనే తెలుస్తుంది. ఇంకొకటి ఆలోచించుకోండి. మీరు ఏ ఉద్యోగం తీసుకున్నారో లోకంలో ఎవరికీ ఎప్పటికీ తెలియదనుకోండి, అప్పుడేది తీసుకుంటారు? మూడోది. ఆ ఆదివారం గుర్తొస్తే మీకు గుచ్చుకునేది వెళ్ళడమా, అబద్ధమా?"

మొదటిదానికీ మూడోదానికీ జవాబు తెలియలేదు. నడిమి ప్రశ్నకు జవాబు ప్రశ్న పూర్తికాకముందే వచ్చేసింది. సైన్స్ పార్కు. ఆ జవాబు వచ్చినందుకే పునీతకు తనమీద తనకు అసహ్యం వేసింది. తల్లినని చెప్పుకుంటూ ఎవరూ చూడకపోతే చేసే పని ఇదా? దారంతా రైల్లో ఎదుటి సీటులో పిల్లనెత్తుకున్న ఆడమనిషిని చూడలేక కిటికీ వైపు తిరిగింది. ఆ ఆడమనిషి పాపం ఈమె వంక చూడనైనా చూడలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

తప్పుచేసినవాళ్ళు ప్రాయశ్చిత్తానికి తొందరపడతారు. పునీత కూడా ఆ సాయంత్రం భోజనాల దగ్గర ప్రకటించేసింది.

"స్కూల్ పనే తీసుకుంటున్నాను. అత్తకి మోకాళ్ళ నొప్పులు. సరయుని బడి నుంచి తీసుకురావడం, వంట, అన్నీ ఎన్నాళ్ళు చేస్తుంది? అందరికోసం ఆలోచించే వదులుకుంటున్నా సైన్స్ పార్కు."

ఇంతకంటే మంచి మాట ఏ కోడలైనా అంటుందా! అత్త పైడమ్మ వంటింట్లో చారు వెచ్చబెడుతోంది. తొమ్మిదేళ్ళ సరయు అన్నం కెలుకుతోంది. విఘ్నేశ్వరన్ మాత్రం చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. ఎప్పుడూ గొంతు లేవని మనిషి.

"ఒద్దు పునీతా. ఆ పని నచ్చితే చెయ్యి. మాకోసం అని మాత్రం చెయ్యకు."

"ఏమండీ, నేనేమన్నానని?"

"నాకోసం అమ్మ ఆస్పత్రి ఉద్యోగం మానేసింది. నేను చిన్నప్పటి నుంచి వింటున్నా. ఫుట్‌బాల్ ఆడి లేటుగా వస్తే అదే మాట, ఇంకో ముద్ద వద్దంటే అదే మాట. నలభై ఏళ్ళొచ్చాయి, ఇప్పటికీ అమ్మ పెడితే వద్దనలేను. ప్రేమా, భయమా అంటే నాకే తెలీదు. ఆ మూట సరయు నెత్తిన పెట్టకు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. విఘ్నేశ్వరన్ అటు చూసి నాలుక కరుచుకున్నాడు. అన్న మాట వెనక్కి వస్తుందా? పునీతకు కక్కలేని మింగలేని పరిస్థితి. తాను మొదలుపెట్టిన మాట పోయి పోయి ఆ ముసలామె గుండెకు తగిలింది.

పైడమ్మ చారు గిన్నె తెచ్చి బల్లమీద పెట్టింది. కొడుకు వంక చూడలేదు. కోడలి పక్కన కూర్చుంది.

"ఆడన్నది నిజమే. అంటూనే ఉన్నాను. అంటే మనసు కాస్త తేలికయ్యేది." కొంగుతో మూతి తుడుచుకుంది. "నీకు సెబుతున్నా పునీతా. నా మోకాళ్ళు నొప్పే. పిల్లతో రోజూ నడవలేకపోతున్నా. అది నాకు సెప్పుకోడం రాలేదు, నువ్వడగనూ లేదు. ఇప్పుడు అడుగు, ఏటి సెయ్యాలో సూద్దాం. అంతేగానీ నా పేరు సెప్పి పని మానకు. రేపు నువ్వు సిరాకు పడ్డ ప్రతిసారీ ఇది నా వల్లే అని నాను కుంగిపోవాలా?"

పునీత తన త్యాగం తాను చేసుకుంటున్నాననుకుంది. దాని అప్పు ఇంట్లో తలా ఇంత పంచుతున్నానని తెలియలేదు. శాలిని అడిగిన ఆఖరి ప్రశ్నకు జవాబు అప్పుడు, ఆ బల్ల దగ్గర, తెలిసింది. ఆదివారం ఆఫీసుకు వెళ్ళడం కాదు గుచ్చుతున్నది. వీళ్ళ ముఖాలు చూసి అబద్ధం చెప్పడం. ఇవాళ చేసిన ప్రకటన కూడా అదే జాతిది, కాస్త మంచి చీర కట్టుకుంది అంతే. కుటుంబం అంటే తన భాషలో ఏమిటో కూడా తేలింది. వీళ్ళతో నిజం చెప్పి బతకడం, ఇంట్లో ఉన్నంతసేపు మనసు కూడా ఇంట్లో ఉండడం.

తేలితే సరిపోతుందా, చెప్పొద్దూ? చెప్పింది. ఆ ఆదివారం ఆఫీసుకు తననెవరూ పిలవలేదని చెప్పింది.

సరయు కెలకడం మానేసింది. "అమ్మా, నాకు ఫీవర్ అని తెలుసు కదా?"

"తెలుసు."

పిల్ల కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టి, ఆ పూట నాన్నమ్మ దగ్గరకు వెళ్ళి పడుకుంది. కొట్టినా బాగుండేదనుకుంది పునీత.

మర్నాడు ఆ కాగితం మళ్ళీ తీసింది. 'నలుగురిలో మర్యాద' కొట్టేసింది. 'సేవ' కూడా. అది తనది కాదు, మంచిదని నేర్చుకున్న మాట. ఏ జీతంతోనైనా ఇల్లు గడుస్తుంది గనక 'భద్రత'నీ తీసేసి, 'కుటుంబం'ని రెండుగా విడదీసి రాస్తే మూడు మిగిలాయి. చిక్కు విప్పే పని, ఇంట్లోవాళ్ళతో నిజం, రాత్రి భోజనానికి అందరితో కూర్చోవడం. రెండు ఉద్యోగాల్నీ వాటి ఎదుట నిలబెట్టింది. స్కూల్లో భోజనం ఖాయం, చిక్కులు లేవు. కంప్యూటర్లు ఆన్ చేయడం, పిల్లలు గేములాడకుండా చూడడం. సైన్స్ పార్కులో చిక్కులు బోలెడు, భోజనం సంగతి తెలియదు. తెలియనిదాన్ని ఊహించుకోకుండా సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి అడిగింది. రాత్రుళ్ళు ప్రోగ్రాము ఆగితే ఆఫీసుకు పిలిచే వంతు నెలలో ఒక వారం ఉంటుందన్నారు. మిగతా వారాల్లో ఆరింటికి బయల్దేరతానంటే, సరే, రాసిస్తామన్నారు. ఆ వారం సంగతి ఇంట్లో ముందే చెప్పింది. వారంలో మూడు రోజులు సరయు బ్లాకు కింద, బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే స్టూడెంట్ కేర్‌లో ఉండేట్టూ, మిగిలిన రెండు రోజులు విఘ్నేశ్వరన్ పొద్దుటి షిఫ్టు తీసుకుని పిల్లను బడి నుంచి తెచ్చుకునేట్టూ మాట్లాడుకున్నారు. పైడమ్మ మోకాళ్ళకు డాక్టరు దగ్గర తేదీ తీసుకున్నారు. ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకోలేదని ఎవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళందరికీ జవాబు తెలుసు.

స్కూలువాళ్ళకు వద్దని చెప్పేటప్పుడు, "ఫ్యామిలీ రీజనా మేడమ్?" అని మర్యాదగా అడిగారు. ఔననడానికి మనసు ఉవ్విళ్ళూరింది. "కాదండీ. నాకు ఇంకో చోటి పని ఎక్కువ ఇష్టం" అంది.

ఏప్రిల్‌లో సైన్స్ పార్కులో చేరింది. మొదటిరోజు గుమ్మం దగ్గర సరయు షూ లేసులు కట్టుకుంటూ, "నీకు ఆ వర్క్ ఇష్టమా?" అంది.

"ఇష్టం."

"నాకంటేనా?"

"నీకంటే కాదు. కానీ ఇష్టమే."

పిల్ల రెండో లేసు కూడా బిగించి కట్టేసింది. "Okay lah. డిన్నర్‌కి సెవెన్‌కి రా" అంది సింగపూర్ యాసలో.

ఆ సాయంత్రం ఒక ప్రోగ్రాము ఎందుకు ఆగిపోతోందో అంతుచిక్కక, ఇంకొక్కసారి చూద్దాం, ఇంకొక్కసారి, అంటూ పునీత కూర్చుండిపోయింది. పరుగెత్తుకుంటూ ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటింది. అందరూ కంచాలు ముందు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. సరయు గడియారం వంక చూసి, అమ్మ ముఖం వంక చూసి, తనే మెల్లగా ఒక దారి చూపించింది.

"ట్రైన్ లేటా, అమ్మా?"

పునీత చెప్పులు విప్పి ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది.

"లేదమ్మా. నేనే ఆలస్యంగా బయల్దేరాను."