యాభై రెండు సెకన్లు

రైయా చేతుల్లోంచి బయటపడిన కాగితం అద్దంలా ఉంటుందని ఆ ఊరి చరిత్ర విభాగంలో అందరూ చెప్పుకునేవారు. అందులో దగ్గు ఉండదు, కుక్క అరుపు ఉండదు, "అదే... అదేంటంటే..." అన్న నసుగుడు ఉండదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె రికార్డింగుని ఆపి నడిపే పెడల్ కాలితో తొక్కుతూ, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని, ముసలివాళ్ల మాటల్ని టైపు చేస్తూనే ఉంది. గంట రికార్డింగుకి ఐదు గంటల పని. అందులో సగం కాఫీ కబుర్లే. ఫిన్లాండులో కాఫీ పోయకుండా ఎవరూ నోరు విప్పరు, పోశాక కూడా చాలాసేపు విప్పరు.

"సంగతి రాయాలి. సొల్లు రాయకూడదు," అని కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ ఆమె మొదటి రోజే చెప్పేది. సంగతి ఏదో, సొల్లు ఏదో తేల్చేది మాత్రం ఆమే. ఒకసారి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక అమ్మాయి, మౌనాల్ని సెకన్లలో లెక్కపెట్టి బ్రాకెట్లలో రాయాలని పట్టుబట్టింది. రైయా నవ్వింది. "ఇదిగో పిల్లా, మా ఊళ్లో వాళ్ల మౌనాలన్నీ రాస్తూ కూర్చుంటే కాగితాలకి అడవులు చాలవు," అంది. గదంతా నవ్వింది. ఆ అమ్మాయి మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. తనవాళ్ల ముందు ఒక పిల్లని అలా చిన్నబుచ్చడం రైయాకి భోజనం చేసినంత తృప్తినిచ్చేది.

మూతపడిన కాగితం మిల్లు మీద ఆ విభాగం ప్రొఫెసర్ అర్వో సాల్మెలా పుస్తకం రాస్తున్నాడు. అరవై మంది పాత కార్మికుల్ని విద్యార్థుల చేత మాట్లాడించాడు. తను ఒక్క రికార్డింగూ వినలేదు. రైయా పేజీలే చదివాడు. "నువ్వు ఉండగా నాకు చెవులెందుకు?" అనేవాడు. కార్మికులతో చేసుకున్న ఒప్పందం ప్రకారం, టైపు పూర్తయ్యాక గొంతులన్నీ చెరిపేయాలి. చెరిపినట్టు సంతకం పెట్టేది కూడా రైయానే. ఆ శుక్రవారమే గడువు. పుస్తకం సోమవారం అచ్చుకి వెళ్తుంది.

గురువారం పొద్దున సిర్కా కుర్కెలా వచ్చి రైయా బల్ల ముందు నిలబడింది. ఆమె అదే భవనంలో మెట్లు తుడిచే మనిషి. రోజూ రైయా కాళ్ల కింద కూడా తుడుస్తుంది. ఇద్దరూ పలకరించుకోవడం తప్ప మాట్లాడుకున్నదే లేదు. ఆరోజు ఆమె చేతిలో చీపురు లేదు, అర్వో గది తుడుస్తుంటే కనబడిన ఒక కాగితం ఉంది.

"రైయా, ఇది నువ్వు రాసిందే కదూ? విల్యో చెప్పినట్టుంది. మా నాన్న గురించి."

రైయా కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. నలభై ఏడేళ్ల కిందట మిల్లులో ఎండబెట్టే యంత్రం రోలర్ల మధ్య పడి చచ్చిపోయిన ఎయినో కుర్కెలా గురించి అది. ప్రశ్న: "ఎయినో యంత్రం ఆపకుండా తనంతట తనే కిందికి దూరాడా?" జవాబు: "అవును."

"అవును, నేనే రాశాను."

"ఫోర్‌మనే కిందికి దూరమన్నాడని అప్పట్లో అందరూ గుసగుసలాడుకున్నారు. మిల్లు రికార్డుల్లో మాత్రం మా నాన్నదే తప్పు. మా అమ్మకి పింఛను కూడా ఇవ్వలేదు. ఆ షిఫ్టులో పక్కనున్నది విల్యో ఒక్కడే. పోయినేడు ఆయనా పోయాడు. బతికున్నన్నాళ్లూ మా ఇంటి ముందునుంచి వెళ్లేటప్పుడు తలొంచుకుని పోయేవాడు. అలాంటివాడు చచ్చే ముందు ఇంత తేలిగ్గా అవునన్నాడా?" సిర్కా గొంతు మామూలుగానే ఉంది. "మా అమ్మకి ఎనభై ఎనిమిది. ఆ పుస్తకం ఆవిడ ఉండే వృద్ధాశ్రమానికీ వస్తుంది. నిజంగా అన్నాడా రైయా? అంతే చెప్పు."

రైయా నోరు తెరిచింది. గోడ గడియారం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, చివరికి కాగితం మీద వేలు పెట్టింది.

"ఉన్నదే రాశాను. నేను లేనిది రాయను."

"ఒక్కసారి వినిపించవా?"

"బయటివాళ్లకి వినిపించకూడదు. రూలు." రైయా స్వరంలోకి పాత ధీమా తిరిగొచ్చింది. "అయినా నీకేం తెలుసు, సిర్కా, ఈ పని గురించి? వెళ్లు, మెట్లు తడిగా వదిలేసి వచ్చినట్టున్నావు. ఎవరైనా జారతారు."

సిర్కా వెళ్లిపోయింది. రైయా కాసేపు వేరే పని చూసుకుంది. తర్వాత చెవుల్లో గొట్టాలు పెట్టుకుని విల్యో రికార్డింగు తెరిచింది. ఎప్పుడూ ఆమె మాటల్లేని ఖాళీల్ని దాటేసే బటన్ నొక్కి ఉంచే వింటుంది, పని తొందరగా తెములుతుందని. ఆరోజు అది తీసేసింది.

ప్రశ్న వినిపించింది. తర్వాత ఏమీ లేదు. విల్యో ఇంటి గోడ గడియారం టిక్ టిక్. ఒక ముసలివాడి ఊపిరి, ముక్కులో తడి అడ్డుపడ్డట్టు. కప్పు సాసర్లో వణుకుతున్న చప్పుడు. తెర మీద సెకన్ల అంకెలు జరుగుతున్నాయి. పది, ఇరవై, నలభై. యాభై రెండో సెకనుకి వంటగదిలోంచి విల్యో భార్య హిల్కా గొంతు: "కాఫీ చల్లారిపోయిందా?" అప్పుడు విల్యో: "అవును." ఆ తర్వాత విద్యార్థి ఇబ్బందిగా దగ్గి, చేపల వేట గురించి అడిగాడు.

కాఫీ మాట సొల్లు. టైపు చేసినప్పుడు అది కొట్టేసింది. మౌనం ఆమె చెవిన పడనే లేదు. మిగిలిన "అవును" వెళ్లి చచ్చిపోయినవాడి మెడకు చుట్టుకుంది.

సరిచేయడానికి పది నిమిషాలు చాలు. యాభై రెండు సెకన్ల మౌనం అని రాసి, హిల్కా మాట చేర్చి, అర్వోకి చెబితే అయిపోతుంది. కానీ అప్పుడు అర్వో మిగతా యాభై తొమ్మిదీ వినాలంటాడు. అందులో ఇంకెన్ని కాఫీలు ఎవరెవరి మెడకు చుట్టుకున్నాయో ఆమెకే తెలియదు. ఆ విశ్వవిద్యాలయం పిల్ల ఈ సంగతి వింటే నవ్వుతుంది. ఆ నవ్వు తలుచుకుంటే రైయాకి ఒళ్లు మండింది. సిర్కా తల్లి గురించి కూడా తలుచుకుంది, లేదని కాదు. తలుచుకుని పక్కన పెట్టింది.

శుక్రవారం వరకు ఆగలేదు. గొంతులన్నీ చెరిపేయమంది. నిజంగానా అని అడిగింది యంత్రం. నిజమేనంది. కాగితం మీద సంతకం పెట్టింది.

పుస్తకం వచ్చింది. నూట పన్నెండో పేజీలో ఎయినో కుర్కెలా తనంతట తనే దూరాడు. వారం తర్వాత విడుదల సభలో అర్వో రైయాని లేచి నిలబడేలా చేసి చప్పట్లు కొట్టించాడు. సభ అయ్యాక సిర్కా ఖాళీ కప్పులు ట్రేలో పేర్చుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది.

"అమ్మ చదివింది," అంది. "పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఆరోజు నుంచి తిండి ముట్టడం లేదు."

రైయా తన చేతిలోని కాఫీ కప్పులోకి చూసింది.

"మొన్న నీ బల్ల దగ్గర నేను అడిగితే నువ్వు వెంటనే చెప్పలేదు. నీ గదిలో గోడకి గడియారం ఉంది కదా, చూశాను. పద్దెనిమిది సెకన్లు. మెట్లు తుడిచేదాన్ని, లెక్కపెట్టడం అలవాటు. అడుగుతాను చెప్పు రైయా, అలాంటిదాన్ని మీ కాగితాల్లో ఏమని రాస్తారు?"

రైయా ఆమె వైపు చూస్తూ ఉండిపోయింది. సిర్కా ట్రే పట్టుకుని అలాగే నిలబడింది, సభ గోడ మీది గడియారం వైపు చూస్తూ.

"ఏమీ రాయం," అంది రైయా చివరికి.

"ముప్పై ఒక్క సెకన్లు," అని సిర్కా ఆమె చేతిలో చల్లారిపోయిన కాఫీ కప్పు కూడా తీసుకుని వెళ్లిపోయింది.