నూటయాభై మాటల్లో నాలుగేళ్ల పని

యాడికి అనే ఊరి దగ్గర మూడు పల్లెల్లో రైతులు చెప్పే వాన సామెతల మీద నాలుగేళ్లు పరిశోధన చేశాను. దాని సంగ్రహం ఆరువందల మాటలైంది. అనంతపురంలో యూనివర్సిటీ గుమాస్తా దాన్ని చూపుడువేలితో వెనక్కి తోశాడు.

"నూటయాభై దాటకూడదు. సాయంత్రం ఐదు లోపల మీ గైడ్ సంతకంతో తెండి. లేదంటే మళ్లీ ఆరు నెలలకే."

ఆరు నెలలాగితే చేతికొచ్చిన లెక్చరర్ ఉద్యోగం పోతుంది. గేటు ఎదుట డీటీపీ సెంటరుకు పరుగెత్తాను. నా థీసిస్ మొత్తం టైపు చేసింది ఆ సెంటరు నడిపే అన్నే. నూటయాభయ్యో మాట దగ్గర ఆపి, కింద ఉన్నదంతా కొట్టేయమన్నాను.

అతను చదివి తల గోక్కున్నాడు. "ఏమక్కా, పల్లెలకు పోయినట్టే లేదే! కరువు గురించి ఉండాది, మీ సార్ పుస్తకంలో మాట ఉండాది. నువ్వు తేల్చింది యాడ?"

నిజమే. తేల్చింది చివరి పేరాలో ఉండేది. కోపమంతా అతని మీద చూపించి, పక్కన కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. కరువు వర్ణన తీసేశాం. ఏ అధ్యాయంలో ఏముందో చెప్పే పట్టీ, తోటి పరిశోధకులందరూ ఆచారంగా రాసేది, అదీ పోయింది. గైడ్ సార్ మాట దగ్గర మాత్రం ఆగాను. సామెతే రైతుకు పంచాంగమని ఆయన ప్రతి సభలోనూ చెబుతారు. భయపడుతూనే దాన్నీ తీయించాను.

మిగిలినవి మూడే. రైతు సామెత చూసి విత్తుతాడా అన్న ప్రశ్న. రెండు వానాకాలాలు అరవైమంది దగ్గర సామెతలు సేకరించి, వాళ్లు ఏ రోజు విత్తారో రాసుకున్న పద్ధతి. తేలిందేమంటే, పక్క చేలో విత్తనాల గొర్రు కదిలితేనే విత్తుతున్నారు, సామెత చెప్పుకునేది పంట పోయిన తర్వాత. లెక్కేస్తే నూటనలభైఎనిమిది మాటలు.

నాలుగున్నరకు గైడ్ సార్ కాగితం చదివారు. మళ్లీ చదివారు.

"ఏమ్మా, సామెత చూసి ఎవరూ విత్తరా? ఇది ఎప్పుడు తేలింది?"

"ఏడో అధ్యాయం సార్. పోయిన ఉగాదికే మీరు చదివి సంతకం పెట్టినారు."

చదవలేదని ఆయన అనలేరు, మీరు చదవలేదని నేనూ అనలేను. గడియారం మాత్రం నడుస్తోంది. చివరికి ఆయన పెన్ను తీసి సంతకం పెట్టారు. పాపం, ఆ ముఖం చూసి నాకు జాలేసింది.

కాగితం అందిస్తూ నిట్టూర్చారు. "తేలిస్తే తేల్చినావు గానీ, ఇంత పొట్టిగా రాసినావేమ్మా? అందరూ చదువుతారు కదా!"