లూదియమ్మ కుట్టిన రాణి అంగీ

లూదియమ్మ కనురెప్ప పడి లేచేలోపల రాణిని బిచ్చగత్తెను చేసేసింది. ముందు వరుసలో కూర్చున్న తాసిల్దారు ఇద్దరు పిల్లలనుకొని రెండు బహుమానాలు తీసినాడు. నమ్మకపోతే మీ ఖర్మ. ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టినోణ్ణే గానీ, ఆ రోజు తెర లాగింది నేనే.

లూదియమ్మది ఆళ్లగడ్డ. నంద్యాలలో ఒక మిషను బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పించేది. ఒక్కగానొక్క కూతురు సారమ్మ అదే బడిలో చదువుతాండె. ఆ పిల్ల పాట ఎత్తుకుంటే గిద్దలూరు రైలు స్టేషన్‌ వదిలేది కాదు. గొంతు అట్లాంటిది, గుండె మాత్రం మంచిది కాదు. లోపల కవాటం చెడిందని కర్నూలు డాక్టర్లు తేల్చినారు. పరుగెత్తకూడదు, మెట్లెక్కకూడదు. చేతులు పైకెత్తి జడ వేసుకున్నా ఆయాసమే.

డెబ్బై ఎనిమిదిలో బడి వార్షికోత్సవానికి హెడ్మాస్టరు సుందరరాజు సారు నాటకం రాసినాడు. కరువులో ఉన్నదంతా పంచిపెట్టి, ఆఖరికి తానే బిచ్చమెత్తుకునే రాణి కథ. ముందు నంద్యాలలో, తరువాత ఆళ్లగడ్డలో ఆడాలని అనుకున్నారు. రాణి వేషం నాకే కావాలని సారమ్మ అన్నం మానేసింది. ఒక్కసారి చివరిదాకా ఆడనీమ్మా అని తల్లి కొంగు పట్టుకున్నది. లూదియమ్మ రెండు దినాలు ఏడ్చి, మూడో దినం కత్తెర తీసింది.

రాణి లోపలికి పోయి, బయట పిల్లలు ఒక పాట పాడేలోపల బిచ్చగత్తెగా రావాల. చీర విప్పి చీర కట్టే టైము లేదు. తలమీదుగా తీసే అంగీ అయితే పిల్లకు ఊపిరాడదు. అందుకని లూదియమ్మ బిచ్చగత్తె బట్టలు ముందే లోపల తొడిగి, పైన రాణి అంగీ వచ్చేటట్లు ఉపాయం చేసింది. లోపలిది ముతక గాడాగుడ్డ, టీ డికాషన్‌లో ముంచి మాసిన రంగు తెప్పించి మాసికలు వేసింది. పైదానికి సారు శాటిన్ అన్నాడు. బడి ఇచ్చే దుడ్లకు అది జాకెట్టుకే చాలదు, పైగా కుట్టు దగ్గర పీలికలై రెండో ఊరికి మిగలదు అని చెప్పి, చర్చిలో తీసేసిన మెరూన్ పరదా అడిగి తెచ్చుకున్నది. ఉతికి ఉతికి మెత్తబడిన గట్టి నూలుగుడ్డ అది. తన పెండ్లి చీర జరీ అంచు చించి ముందువైపే కుట్టింది. వెనకవైపు ఎవరు చూస్తారని.

అసలు కత ఎడమపక్క కుట్టులో ఉంది. బియ్యం మూట మూతికి వేసే గొలుసుకుట్టు తెలుసు కదా, సరైన కొస లాగితే సర్రున మొత్తం ఊడొస్తుంది. భుజానికి, చంక నుంచి నడుం దాకా అదే కుట్టు వేసింది. రెండుచోట్లా చివరి మెలిక జారకుండా టాకా, అంటే ఒక్క చిన్న కుట్టుతో ఆపి, చీకట్లో కనబడాలని ఎర్రదారం తోక వదిలింది. తోక గుంజితే టాకా తెగి, అంగీ దానంతటదే కిందికి జారిపోతుంది. పిల్ల చెయ్యి ఎత్తే పనే లేదు.

నాటకం దినం సుందరరాజు సారు వేషాలన్నీ చూసుకుంటా వచ్చినాడు. బోర్డు మీద సుద్దగీత వంకర పోయినా ఓర్చుకోలేని మనిషి. రాణి చంక కింద దారం వేలాడతాంటే, జేబులోని బ్లేడు తీసి టాకాతో సహా నున్నగా కోసేసినాడు.

రంగం మీద రాణి పాట మధ్యలో కుట్టు ఒక్కొక్క మెలికే విడిపోవడం మొదలైంది. లోపలి మాసికలు కనబడబోతాండాయి. సారమ్మ ఎడమ చెయ్యి ఒంటికి అదిమిపెట్టింది. కదలకుండా, బిగబట్టిన ఊపిరితోనే పాట ముగించి లోపలికి వచ్చింది. రాణి బలే ఠీవిగా నిలబడిందని జనం చప్పట్లు కొట్టినారు. తెర పక్కన స్టూలు మీద కూలబడిన పిల్ల పెదవులు నీలంగా ఉండాయి. సుందరరాజు సారు నాటకం ఆపేద్దామన్నాడు. సారమ్మ తలకాయ అడ్డంగా ఊపింది. బిచ్చగత్తెగా పోయి, చివరిదాకా ఆడింది.

ఆళ్లగడ్డలో ఆడే నాటికి సారమ్మ లేదు.

ఆ వేషం అదే బడిలో చదివే జయరాజు కూతురు వేసింది. ఆ పిల్ల పొడుగు. అంగీ సరిపోదని సారు బాధపడతాంటే, లూదియమ్మ అంచు తిప్పి చూపించింది. లోపల జానెడు గుడ్డ మడిచిపెట్టి ఉంది. వచ్చే ఏడు సారమ్మ పెరుగుతుంది కదా అని వదిలిందంట. ఆ మడత విప్పి, గొలుసుకుట్టు మళ్లీ కొత్తగా వేసిచ్చింది.

మొన్న ఆళ్లగడ్డలో కనబడితే, తాసిల్దారుతో సహా ఈ కతంతా ఆమెకే చెప్పినా. కాజాలు కుట్టుకుంటా విన్నది. సూది ఆపలేదు.

"అంత బేగా ఏం కాలేదప్పా. బయట పిల్లోళ్లు పాట రెండుసార్లు పాడినారు. దానికి ఊపిరి వచ్చేదాకా కూర్చోబెట్టినా."