ఉత్తరాదికి పాలు, దక్షిణాదికి అరటిపండు

నాచారంలో మా నాన్న కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగాను. ఎవరు ఏ మాటకు మెత్తబడతారో రెండు నిమిషాల్లో పసిగడతానని నాకో పొగరు ఉండేది. మా బావ ఉద్యోగం ఊడే దాకా వచ్చిందంటే అందులో సగం ఆ పొగరు పుణ్యమే.

తెలంగాణ రాష్ట్రం రావడానికి నాలుగైదేళ్ల ముందు సంగతి. ఉప్పల్‌లో ఒక కడుపు జబ్బుల ఆసుపత్రిలో నేను టెక్నీషియన్‌ని. పాలు పడనివాళ్లకు ఊపిరి పరీక్ష చేయడం నా పనుల్లో ఒకటి. మా అక్క భర్త నాచారం పారిశ్రామికవాడలో ఒక రంగుల కంపెనీలో పొడులు కలిపే సెక్షన్‌లో చేసేవాడు. దుమ్ములో పనిచేసేవాళ్లకు మంచిదని అక్కడ షిఫ్టుకో పెద్ద గ్లాసు పాలు ఇచ్చేవారు. పాలు దుమ్మును ఆపవు, మూతికి మాస్కు కావాలి. ఆ మాట అక్కడ ఎవరికీ పట్టలేదు. కొందరు పిల్లల కోసం పాలు ఇంటికి తీసుకుపోతున్నారని తెలిసి, సూపర్‌వైజర్ ఎదుటే తాగాలని రూలు కూడా పెట్టారు.

బావ ఆ సెక్షన్‌లోకి కొత్తగా మారాడు. అంతకుముందు ఆయన కడుపులోకి పాలు వెళ్లాయంటే చాయ్ రూపంలోనే. ఇప్పుడు గ్లాసు ఖాళీ చేసిన గంటకల్లా కడుపు ఉబ్బేది, మెలిపెట్టేది, మిషన్ వదిలి పరుగెత్తేవాడు. రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే తీసేస్తారు.

"నీ పరీక్షేందో జెయ్యి బామ్మర్ది," అన్నాడు. "గా మేనేజర్ నన్ను దొంగ అంటుండు."

ముందు గడువు సంపాదించాలని మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆయనది గుంటూరు వైపు. మర్యాదగా కూర్చోబెట్టి, "మీ బావగారు ఇంట్లో పెరుగు తింటారాండీ?" అని అడిగాడు. తింటాడన్నాను. "మరి పాలు పడకపోవడం ఏమిటండీ?"

తోడు వేసినప్పుడు పాలలో ఉండే చక్కెరను సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి, మిగిలినదాన్ని అరిగించడానికీ సాయపడతాయి, అందుకే పెరుగు పడుతుంది అని చెప్పాను. ఆయన మొహంలో చలనం లేదు. ఇది అమ్ముడుపోయే సరుకు కాదని నాకు తోచింది. ఇంకో డబ్బా తెరిచాను.

"సార్, అసలు సంగతి ఏమిటంటే ఉత్తరాదివాళ్లది ఒక జాతి, మనది ఒక జాతి. వాళ్లకు పాలు పడతాయి, మనకు పడవు. రక్తంలోనే ఉంది."

మొహం వెలిగిపోయింది. "అదీ మాటంటే. ముందే చెప్పొచ్చుగా." రిపోర్టు తేవడానికి పది రోజులు ఇచ్చాడు. ఆ రోజుల్లో మా దగ్గర మనిషిని చూడగానే ఎక్కడివాడో తేల్చుకోనిదే ఎవరికీ తోచేది కాదు. అలాంటి చోట నేను అమ్మిన మాట నిమిషంలో చెల్లింది. మీసం మెలేసుకుంటూ బయటికొచ్చాను.

పరీక్ష రోజు పొద్దున్నే బావను స్కూటర్ మీద ఎక్కించుకొచ్చాను. రాత్రి నుంచి ఏమీ తీసుకోకుండా రావాలి. వచ్చాక ముందు ఊపిరి కొలుస్తాం, తర్వాత పాల చక్కెర కలిపిన నీళ్లు తాగించి, అరగంటకోసారి మూడు గంటల పాటు ఊదిస్తాం. చిన్న పేగులో అరగని చక్కెర పెద్ద పేగులోకి జారితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి, హైడ్రోజన్ పుడుతుంది, ఊపిరిలో బయటపడుతుంది. బావ మొదటిసారి ఊదగానే, ఇంకా నీళ్లు తాగకముందే, మిషన్ ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపింది.

డాక్టర్ మేడమ్ వచ్చి చూసింది. "పొద్దున్నుంచి ఏం తీసుకున్నారు?"

"ఏం తినలే మేడమ్. పరగడుపుతోనే ఉన్న."

"తాగడం?"

"చాయ్ తాగిన, గంతే. చాయ్ తిండి గాదు గదా. బామ్మర్ది గూడ నా పక్కన్నే కూసోని తాగిండు."

మేడమ్ నా వైపు చూసింది. రోజూ పేషెంట్లకు చాయ్ కూడా వద్దని కాగితంలో ఆ మాట కింద గీత గీసి మరీ చెప్పేవాణ్ణి. అక్క ఇద్దరికీ గ్లాసులు అందిస్తే, నిండా పాలు పోసి కాచిన చాయ్‌ని ఆయనతో పాటు నేనూ ఊదుకుంటూ తాగాను. మా ఇళ్లల్లో చాయ్ ఎవరి లెక్కలోకీ రాదు. ఆ రోజుకు పరీక్ష రద్దు. మిషన్ మళ్లీ ఖాళీ అయ్యేది వారానికి.

ఈలోపు మేనేజర్ పిలిపించాడు. నా మాట నమ్మి రెండు లిస్టులు రాయించాడట. ఉత్తరాదికి పాలు, దక్షిణాదికి అరటిపండు. బావతో పాటు అదే సెక్షన్‌లో చేసే పాలమూరు పెద్దమనిషి ఎదురు తిరిగాడట. తరతరాలుగా గొర్లు, బర్లు కాసిన ఇల్లు వాళ్లది.

ఆయన అక్కడే ఉన్నాడు. "చెంబెడు పాలు తాగి బస్తాలు మోస్త. నా పాలు బంద్ వెట్టనీకి నువ్వెవనివి తమ్మీ? కోతికిచ్చినట్టు అరటిపండు ఇస్తరా నాకు?"

మేనేజర్ చేతులు కట్టుకున్నాడు. "ఈయనదీ మీ జాతే కదండీ. ఈయనకు పడినప్పుడు మీ బావగారికి ఎందుకు పడవు? అంటే వేషమేగా?"

నేను అమ్మిన సరుకే నా నెత్తిన పడింది.

మర్నాడు మేడమ్‌కు అంతా చెప్పుకున్నాను. ఆమె తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. "లోకంలో చాలామందికి పసితనం దాటాక పాలు అరిగించే శక్తి తగ్గిపోతుంది. అది జబ్బు కాదు, మామూలే. పశువుల పాల మీద బతికిన చోట్ల, ఈ కొన్ని వేల ఏళ్లలోనే, ఆ శక్తి పెద్దయ్యాకా నిలిచే మార్పు ఉన్నవాళ్ల సంతతి పెరిగింది. యూరప్‌లో ఉన్న మార్పే మన దేశంలోనూ ఉంది. ఆఫ్రికా పశువుల కాపరుల్లో వేరే మార్పులు వచ్చి అదే పని చేస్తున్నాయి. జాతికీ దీనికీ ఏం సంబంధం?"

"మరి ఉత్తరాదిలో ఎక్కువంటారు గదా మేడమ్."

"వాయవ్యంలో ఎక్కువ, తూర్పుకీ దక్షిణానికీ వస్తుంటే తక్కువ. తక్కువంటే లేదని కాదు. నీలగిరి కొండల్లో బర్రెలు మేపుకునేవాళ్లలో బాగా ఎక్కువ. ఒకే తల్లి పిల్లల్లో ఒకరికి ఉండొచ్చు, ఒకరికి లేకపోవచ్చు. మనిషిని పరీక్ష చేయకుండా ఊరు చూసి చెప్పకు."

రెండోసారి బావను ముందు రాత్రే నా గదిలో పడుకోబెట్టి, పొద్దున చాయ్ మొహం చూడనివ్వకుండా తీసుకెళ్లాను. మొదటి ఊపిరి శుభ్రంగా వచ్చింది. గంటన్నర తర్వాత అంకె ఎగబాకింది. బావ పొట్ట పట్టుకుని బాత్రూమ్‌కు పరుగెత్తుతుంటే నేను సంతోషపడ్డాను. అలాంటి బామ్మర్దిని నేను.

గడువు ఇంకో రోజు ఉందనగా రిపోర్టు మేనేజర్ బల్ల మీద పెట్టి, మేడమ్ చెప్పినదంతా పూస గుచ్చినట్టు చెప్పాను. జాతి మాట నాదే, తప్పు మాట, వెనక్కి తీసుకుంటున్నానన్నాను. ఆయన ఓపిగ్గా విని, బావకు మూడో మెమో ఉండదన్నాడు. పాలమూరాయన పాలు ఆయనకు ఇవ్వండి అంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"లిస్టు పైకి పంపేశానండీ. ఒక్కొక్కరి కడుపు చూసి లిస్టు రాయమంటే నా వల్ల కాదు. మీరు మొదట చెప్పిందే తేలిగ్గా ఉంది."

గేటు దగ్గర బావ సెక్షన్‌లోనే చేసే బీహార్ మనిషి వెంట వచ్చాడు. తనకూ పాలు తాగితే కడుపు నొప్పేనట, ఊర్లో అందరూ నవ్వుతారని చెప్పలేదట. పరీక్ష చేస్తావా అని హిందీలో గొంతు తగ్గించి అడిగాడు. ఆయన్ను వెంటపెట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లాను. మేనేజర్ తల ఎత్తకుండానే, "బీహార్ కదండీ. ఆయనకు పడతాయి," అన్నాడు.

నేను గొంతు పెంచబోతుంటే మా వెనకే వచ్చిన బావ నా చెయ్యి గుంజి బయటికి తెచ్చాడు.

"నా నౌకరి నిలబడ్డది. ఇంక జర నోరు మూసుకో బామ్మర్ది. నీ నోటితోనే గదా గిదంతా అయ్యింది."

మూసుకున్నాను. ఆ బీహార్ మనిషిని పరీక్షకు రమ్మని రెండుసార్లు కబురు పెట్టాను, సెలవు దొరకదన్నాడు. రోజూ సూపర్‌వైజర్ ఎదుట గ్లాసు ఖాళీ చేస్తున్నాడని, పక్కన నిలబడి పాలమూరాయన అరటిపండు ఒలుస్తూ ఆ గ్లాసు వైపే చూస్తున్నాడని బావ ఇంటికొచ్చి చెప్పేవాడు.