నూట ఇరవై ఐదు రొయ్యలు

అరవైల చివర్లో శ్రీకాకుళం శివారులోని ఒక రొయ్యల షెడ్డులో ఉండేవాణ్ణి. ఎగుమతి వ్యాపారి తరఫున సరుకు చూసి తీసుకోవడం నా పని. మాది కోటబొమ్మాళిలో కిరాణా కొట్టు నడిపే శాకాహారుల ఇల్లు. ఈ పనిలో చేరాక సెలవుకు వెళితే నాకు వసారాలో విడిగా వడ్డించేవారు. ఇక్కడ గది అద్దెకిచ్చినవాళ్లు వాసనకు తలుపు వేసుకునేవారు.

నాతో నాలుగు మాటలు మాట్లాడింది షెడ్డులో రొయ్యలు ఏరే ఒక పెద్దావిడే. కళింగపట్నం మనిషి. సరుకు చూడడం నేర్పింది కూడా ఆమే.

"తల తీసిన రొయ్యలు పౌనుకి ఇరవయ్యొకటి కాణ్ణించి ఇరవయ్యైదు దాకా తూగితే ఒక రకం బాబూ. ఇరవయ్యారొస్తే కింద రకమే. లెక్క పెరిగితే రొయ్య సిన్నదన్నమాట."

ఐదు పౌన్ల రొయ్యలు పళ్లెంలో పేర్చి, నీళ్లు పోసి గడ్డకట్టించేవారు. ఆ మంచు పొర రొయ్యను ఎండిపోకుండా కాపాడుతుంది. కానీ దానికి మేం డబ్బివ్వం. అందుకని నేను ఒక దిమ్మ కరిగించి, జల్లెడలో నీరు వార్చి తూచేవాణ్ణి.

ఒకరోజు తూకం నాలుగు ముప్పావు పౌన్లే వచ్చింది. ఒక పౌను తూచి లెక్కపెడితే ఇరవై ఆరు. అది ఆవిడ పేర్చిన పళ్లెం.

"తక్కువేసి, చిన్నవి కలిపావు" అన్నాను.

"పౌనుకి ఇరవయ్యైదు సొప్పున నూటిరవయ్యైదు ఏసినాను. మొత్తం లెక్కెట్టుకో బాబూ."

లెక్కపెట్టలేదు. దిమ్మ వద్దని రాశాను. షెడ్డు యజమాని ఆమెను పనిలోంచి తీసేశాడు.

నా మనసు ఊరుకోలేదు. మరునాడు నేనే సరిగ్గా ఐదు పౌన్లు తూచి, నూట ఇరవై ఐదు లెక్కపెట్టి గడ్డకట్టించాను. కరిగించాక ఒక్క రొయ్యా తగ్గలేదు. తూకం మాత్రం నాలుగు ముప్పావు. కరిగేటప్పుడు పైమంచుతో పాటు రొయ్యలోని నీరూ కారిపోతుంది. ఒక్కోటీ తేలికైతే పౌనుకు లెక్క పెరుగుతుంది. ఆ తరుగుకు ముందే కాస్త పెద్ద రొయ్యలు ఏరి, నాలుగైదు ఔన్సులు ఎక్కువ వేయాలి. అలా వేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

యజమానికి చూపించి ఒప్పించాను. బస్సెక్కి కళింగపట్నం వెళ్లాను. ఇసుకలో చేపలు ఎండబెడుతోంది.

"తప్పు నాదమ్మా. పనికి రా."

"వస్తాను. రాకపోతే కూడెలాగొస్తాది?" అంది, తలెత్తకుండా. "అందరి ముందూ దొంగనన్నావు బాబూ."

ఆమె మళ్లీ పనిలో చేరింది. పెద్దవి ఏరి, ఐదు పౌన్ల మీద ఐదు ఔన్సులు వేసి, పళ్లెం నా ముందు పెట్టి, "లెక్కెట్టుకో" అనేది. అంతకు మించి మాట లేదు. నేనక్కడ ఇంకా రెండేళ్లు పనిచేశాను. మధ్యాహ్నం షెడ్డులో ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని తినేవారు. నేను తూకం బల్ల దగ్గర నా డబ్బా విప్పుకునేవాణ్ణి.