అమీన్ సాబు మాటతీరు

దేవకృపమ్మ కూర వండితే ఉప్పు తక్కువ, చీర కడితే కుచ్చిళ్లు వంకర. పాపం, ఆమె ధ్యాసంతా చెవుల్లోనే ఉండేది. బాపట్లలో పుట్టి, పెళ్లయి సికింద్రాబాదు వచ్చింది. ఏడాది తిరక్కుండానే భర్త పోయాడు. ఇక్కడే మిషన్ బడిలో తెలుగు చెప్పుకుంటూ, తమ్ముడు జకర్యాను తెచ్చి పెంచుకుంది. వాళ్ల గోడకు ఇవతల మా ఇల్లు. నేను బొల్లారంలో పుట్టినదాన్ని. మొదట్లో ఆమె మాట్లాడుతుంటే ఎవరో పుస్తకం చదివి వినిపిస్తున్నట్టు ఉండేది. ఆ సంగతి ఆమె మొహం మీదే చెప్పాను, నాకేం భయం.

నలభై ఎనిమిదిలో బడి పైకప్పు వానకు కారుతోందని, చందాల కోసం ఆమె ఒక నాటకం రాసింది. మెదక్ వైపు ఒక పల్లెటూళ్లో ఎల్లమ్మ అనే పేదరాలు కూతురు సుమిత్రను పట్నం బడికి పంపుతుంది. ఊరి పటేలు అడ్డం పడతాడు. కథ అంతే. నేను ఎల్లమ్మను, బడి టీచరు ఆలిస్ సుమిత్ర, జకర్యా పటేలు.

మొదటి రోజు చదివితే నాకు ఒళ్లు మండింది.

"ఏందక్కా గిది? ఎల్లమ్మ, పటేలు, సుమిత్ర ముగ్గురు సుత బాపట్ల పంతులమ్మ లెక్కనే మాట్లాడుతున్నరు! 'నా కుమార్తెకు విద్య ఎంతో అవసరము' అని మెదక్ దిక్కు ముసల్ది అంటదా?"

"మరి ఏమంటుందే, కాంతమణీ?" అని అడిగింది. కోపం రాలేదు. అదీ ఆమె గొప్ప.

ఆ రోజు నుంచి సంచీ పట్టుకుని మోండా మార్కెట్లో, లాలాగూడ రైలు వర్క్‌షాపు గేటు దగ్గర, నల్లాల దగ్గర తిరిగింది. కూరగాయలు కొనడం మర్చిపోయి ఖాళీ సంచీతో వచ్చేది. నేను చెప్పినట్టు అన్ని మాటల చివరా 'గిట్ల, గట్ల' తగిలించలేదు. "అలా చేస్తే అందరూ మళ్లీ ఒకేలా అవుతారు, ఈసారి నీలా" అని నా నోరు మూయించింది. ఒక్కో మనిషిని కూర్చోబెట్టి అడిగినట్టు ఆలోచించేది. ఈవిడ ఏ ఊరు? ఎన్నేళ్లు? బడికి పోయిందా? రోజంతా ఎవరితో మాట్లాడుతుంది? ఎవరికి భయపడుతుంది?

అలా ఎల్లమ్మకు పొలం మాటలు, వంట మాటలు పెట్టింది. కచేరీ, జప్తు అనే మాటలు మాత్రం ఉంచింది. అవి చదువు రానివాళ్లకే ఎక్కువ తెలుసు, వాళ్లే కదా పడేది అంది. సుమిత్ర తల్లితో 'అవ్వా, జెర ఆగు' అంటుంది, పటేలు ముందు నిలబడితే బడి తెలుగు మాట్లాడుతుంది. ఆ పిల్ల భాష మారినచోట భయం కనపడుతుంది. పాత్రకు రెండు మూడు ఆనవాళ్లు చాలు, అంతకుమించితే మనిషి పోయి వేషం మిగులుతుంది అనేది.

పటేలు దగ్గరే కొంప మునిగింది.

రిహార్సలు జరుగుతోంది. కుర్చీలో వాలి జకర్యా, గొంతు పెంచకుండా అన్నాడు: "ఖైర్. కూలిదానా, బిడ్డను రేపు పొలానికి తోలకపోతే..." అక్కడ ఆగి, చేతివేళ్లు చూసుకున్నాడు.

నేను నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాను. కిటికీ బయట గంప దించుకున్న కూరగాయలామె పకపకా నవ్వింది. "ఓ అమ్మో! అచ్చం మన అమీన్ సాబే!"

అమీన్ అంటే మా పక్క ఠాణా అధికారి. ఎవరినీ పేరు పెట్టి పిలవడు. పంతులమ్మా, కుమ్మరీ, టాంగావాలా, అంతే. ప్రతి మాటకూ ముందు, సరేలే అన్నట్టు ఒక 'ఖైర్'. బెదిరింపును సగంలో వదిలేస్తాడు. మిగతా సగం ఎదుటివాళ్లే పూరించుకుని వణకాలి. బడికి రెండుసార్లు వచ్చిపోయాడు. ఈమె చెవులు ఊరుకుంటాయా? తనకే తెలియకుండా ఆయన్ను తెచ్చి పటేలు నోట్లో పెట్టింది.

దేవకృపమ్మ మొహం తెల్లబోయింది. కారణం ఉంది. ఆ రోజుల్లో నలుగురు కూడాలన్నా నిజాం సర్కారు అనుమతి కావాలి. అనుమతి ఇచ్చే ముందు నాటకం స్వయంగా వింటానని అమీన్ కబురు పెట్టాడు, మర్నాడు సాయంత్రమే. పోయిన ఏడు ఆగస్టులో మూడు రంగుల జెండా పట్టుకున్నందుకు జకర్యాను ఠాణాలో వేసి కొట్టింది ఆయనే. పిల్లవాడు జమానతు మీద బయట ఉన్నాడు. తన ముందే తన్ను వెక్కిరిస్తే ఈసారి జైలుకు పోయినవాడు ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి.

"నాటకం వద్దని చెప్పేద్దాం అక్కా," అన్నాడు జకర్యా.

"ఎందుకొద్దన్నారని అడిగితే ఏం చెబుతావురా? ఇంకా అనుమానం!"

"అయితే ఖైర్ తీసేస్త."

తీసేసి మళ్లీ చెప్పాడు. కళ్లు మూసుకుని విన్నాను. అమీన్ అమీన్‌లాగే ఉన్నాడు. "పోలేదు, గాయనే ఉన్నడు!" అని అరిచాను.

"ఊతపదంలో లేడే మనిషి," అంది దేవకృపమ్మ. "ఆగడంలో ఉన్నాడు. అధికారం ఉన్నవాడే మాట సగంలో ఆపగలడు. మనం ఆపితే మిగతాది వినడానికి ఎవరు కూర్చుంటారు?"

మాటలు నరికితే చాలదు, పటేలును మొదటినుంచీ పుట్టించాలంది. ముప్పై ఐదేళ్లవాణ్ణి డెబ్భైకి తీసుకుపోయింది. ఉర్దూ బడి చదువు తీసేసింది. ఊరి పొలిమేర దాటని మనిషిని చేసింది. కనక కచేరీ మాటలు పోయి ఎడ్లు, చెరువు, కోతలు వచ్చాయి. మనుషుల్ని పనితో కాక తండ్రి పేరుతో పిలుస్తాడు, ఎందుకంటే అందరి తండ్రులూ ఎరుకే. చెవుడు మొదలైంది కాబట్టి గట్టిగా మాట్లాడతాడు, ప్రతి మాటా పూర్తి చేస్తాడు, ఆఖర్న 'విన్నవా?' అంటాడు.

"మల్లయ్య బిడ్డా! నీ పోరిని బడికి తోలితే నా ఎడ్లను ఎవరు కాస్తరు? నేను కాయాల్నా? విన్నవా?" జకర్యా పళ్లు లేనట్టు నోరు ముడిచి అంటే అంత భయంలోనూ నవ్వొచ్చింది. కాని నాలిక అలవాటు పడింది కదా, నాలుగు మాటలకొకసారి పాత ఆగుడు వచ్చేసేది. వచ్చినప్పుడల్లా అక్క బల్ల మీద తట్టేది. మర్నాడు మధ్యాహ్నం దాకా తడుతూనే ఉంది.

సాయంత్రం అమీన్ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నా మాట నాకే వినపడలేదు. జకర్యా ఒకచోట "రేపు పొలానికి తోలకపోతే" అని ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి ఎంత పొడుగో! "తోలకపోతే నా గడ్డివాము దగ్గరకు రావద్దు, విన్నవా?" అని పూర్తి చేశాడు.

అమీన్ నవ్వలేదు. లేచి, "ఖైర్, పంతులమ్మా. పటేలు... బాగున్నడు," అని అనుమతి మీద సంతకం పెట్టి పోయాడు. మేం అక్కడే నేల మీద చతికిలబడ్డాం.

నాటకం ఆడనే లేదు. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చేసింది. నిజాం సర్కారు నాలుగైదు రోజుల్లో కూలింది. మా వీధుల్లో జెండాలు, పాటలు. మెదక్ వైపు ఊళ్ల నుంచి మాత్రం చెడ్డ కబుర్లు వచ్చేవి. తప్పు చేసినవాడు, చేయనివాడు అని చూడకుండా ముసల్మానులను ఇళ్లలోంచి లాగుతున్నారని.

ఒక మధ్యాహ్నం వాన కురుస్తుంటే వాళ్ల గుమ్మంలో మీసం గొరిగించుకున్న మనిషి నిలబడ్డాడు. ధోవతి కట్టు వదులుగా ఉంది. నేను అక్కడే ఉన్నాను. గుర్తుపట్టలేదు. నోరు తెరిచాడు.

"ఖైర్... పంతులమ్మా..."

జకర్యా లేచి నిలబడ్డాడు.

"నా భార్య, ఇద్దరు బిడ్డలు మెదక్ దిక్కు ఊర్లె ఉన్నరు. ఆళ్ల కాడికి పోవాలె. తోవల ఎవరన్న పలకరిస్తే..." ఆగిపోయాడు. ఈసారి అది బెదిరింపు కాదు. "ఆ దినం నాటకం వినడానికి రాకముందే కూరగాయలామె నవ్విన సంగతి నాకు తెలిసింది. నేను వచ్చింది నన్ను నేను వినడానికే. వినిపించలేదు. పటేలు నోట్లకెల్లి నన్ను తీసేసిన్రు. ఇప్పుడు నా నోట్లకెల్లి సుత తీసెయ్యండి."

నాకు మండిపోయింది. "పిల్లగాన్ని కొట్టినప్పుడు యాదికి రాలేదా బిడ్డలు? పో, ఎట్ల పోతవో పో!" అన్నాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. దేవకృపమ్మ తమ్ముడి వైపు చూసింది. వాడు కుర్చీ లాగాడు.

"కూసోండి," అన్నాడు.

ఆమె పని మొదలుపెట్టింది. "మీది మెదక్ మాటే. అదెక్కడికీ పోలేదు. ఉద్యోగం మాట తీసెయ్యాలి. జప్తు, ఠాణా ఉంచుకోండి, అందరూ అంటారు. ఖైర్ వద్దు, హుకుం వద్దు. ఎవరినీ పనితో పిలవకండి. మాట సగంలో ఆపితే దొరికిపోతారు. పూర్తి చేయండి. చిన్న మాట, పూర్తి మాట."

జకర్యా ఎదురుగా నిలబడి దారికాచే కుర్రాడయ్యాడు. "ఎవరయ్యా, ఎక్కడికి?" అమీన్ ఆగాడు. ఆమె బల్ల తట్టింది. మళ్లీ అడిగాడు. మళ్లీ ఆగాడు, మళ్లీ తట్టింది. ఏళ్ల తరబడి ఊరిని వణికించిన మనిషి నుదుట చెమట పోస్తోంది.

"ఒక్క పూటలో కాదక్కా ఇది," అన్నాడు జకర్యా చివరికి. లోపలికి పోయి నాటకంలో పటేలు చేతికర్ర తెచ్చి ఆయనకిచ్చాడు. "నువ్వు ముసలోనివి, చెవుడు. నేను నీ కొడుకును. ఎవరడిగినా నేను చెబుత."

ఎవరిని కాపాడుకోవడానికి దేవకృపమ్మ అన్ని గంటలు బల్ల తట్టిందో, వాడే లేచి ఆ దారిన పోతానంటున్నాడు. తట్టే చెయ్యి అట్లాగే గాలిలో ఆగిపోయింది. వద్దని అనలేదు. ఏడుపు మాత్రం నాకు ఎగదన్నుకొచ్చింది.

గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరిగాడు.

"దేవకృపమ్మా, నేను పోయొస్త. జకర్యా, నిన్ను కొట్టిన. అది తప్పు. నాకు తెలుసు."

ఒక్క మాటా సగంలో ఆపలేదు.

రెండు రోజుల తర్వాత జకర్యా వచ్చాడు, ఆయన్ను ఆ ఊరు చేర్చి, కాళ్లు పుళ్లు పడి. దారిలో ఒకచోట కర్రలు పట్టుకున్న గుంపు ఆపిందట. వీడికి నోరు ఎండిపోయి మాట రాలేదట, ఇంత నటుడికీ. ముసలి వేషంలో ఉన్న అమీనే ముందుకొచ్చి అన్నాడట: "వీడు నా కొడుకు. వీనికి జరమొచ్చింది. ఇంటికి తోల్కపోతున్న. విన్నవా?"

పక్కకు తప్పుకుని దారిచ్చారట.

అది విని దేవకృపమ్మ తమ్ముడి తల ఒళ్లోకి లాక్కుని బోరున ఏడ్చింది.