పక్క సీటు వెల

లెక్కల టీచరు తొమ్మిదో తరగతిలో బ్యాంకు పెట్టినప్పుడు తోటివాళ్లు నవ్వారు. "పిల్లలకి లెక్కలు చెప్పమంటే దుకాణం తెరిచారేమండీ," అన్నాడు డ్రిల్లు మాస్టారు. తల్లి పోయినప్పటినుంచి టీచరుకి ఎవరితోనూ మాట పొడిగించే అలవాటు తప్పిపోయింది. నెల జీతంలో అమ్మ మందులకని తీసిపెట్టే డబ్బు ఇప్పుడు దేనికీ పనికిరాకుండా ఖాతాలోనే పడి ఉంటోంది. ఆ డబ్బు కదిలించబుద్ధి కాదు, చూడబుద్ధీ కాదు.

బ్యాంకు పద్ధతి సులువైనదే. బోర్డు తుడవడం, పుస్తకాలు సర్దడం, హాజరు రాయడం, ఇలా పిల్లలు ఒక్కొక్కరికి ఒక్కో ఉద్యోగం. వారం వారం అట్టబిళ్లల్లో జీతం. అందులోంచే బెంచీకి అద్దె, లైట్లకి, ఫ్యాన్లకి బిల్లు కట్టాలి. ఖర్చులు రాకముందే చీటీ మీద పద్దు వేసుకోవాలి. మధ్యమధ్య డబ్బాలోంచి ఓ చీటీ తీస్తే "సైకిలు పాడైంది" అనో, "కళ్లజోడు విరిగింది" అనో వస్తుంది. దాచుకున్నది లేనివాడు ఆ వారం నోరు కట్టుకోవాల్సిందే. మిగిలినది మామూలు ఖాతాలో వేస్తే కొద్దిపాటి వడ్డీ. ఆరు వారాలు కదపకుండా డిపాజిట్ చేస్తే ఎక్కువ వడ్డీ. గడువులోపల తీస్తే మాత్రం ఆ ఎక్కువ వడ్డీ దక్కదు. నెలాఖరున గోడమీది ధరల పట్టీ చూసి సరదాలు కొనుక్కోవచ్చు: ఒకరోజు హోంవర్కు మాఫీ, కిటికీ పక్క చోటు, వారంపాటు నచ్చినవాళ్ల పక్కన కూర్చోవడం.

చివరి బెంచీ పిల్లని అందరూ "ఇనప్పెట్టె" అనేవాళ్లు. వచ్చిన బిళ్ల వచ్చినట్టు దాచేది. ఆ పిల్ల తండ్రి కట్టడాల దగ్గర మేస్త్రీ. పని ఎక్కడుంటే కాపురం అక్కడ, బడీ అక్కడే. మూడేళ్లలో ఇది నాలుగో బడి.

"దాస్తున్నావు సరే, దేనికోసమో రాయలేదేమ్మా?" అని అడిగింది టీచరు ఓసారి, పద్దు చీటీలో ఖాళీ చూపిస్తూ.

"ఇంకా అనుకోలేదు టీచర్."

డిపాజిట్ గడువుకి ఇంకా రెండు వారాలుండగా ఆ పిల్ల బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"తీసేస్తాను టీచర్."

"రెండు వారాలు ఆగితే మంచి వడ్డీ వస్తుంది. ఇప్పుడు తీస్తే మామూలు ఖాతా వడ్డీయే. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నా. ఫరవాలేదు."

బిళ్లలన్నీ పోసి నచ్చినవాళ్ల పక్క చోటు కొనుక్కుంది. ఎంచుకున్నది మానిటరమ్మాయిని. నోట్లో నాలుక ఊరకుండని పిల్ల, చుట్టూ ఎప్పుడూ నలుగురుంటారు.

మానిటరు చెడ్డపిల్లేం కాదు. జరిగి చోటిచ్చింది, రబ్బరడిగితే ఇచ్చింది. కానీ గంట కొట్టగానే వెనక్కి తిరిగి పాత స్నేహితురాలితో కబుర్లలో పడేది. ఇనప్పెట్టె వాళ్ల నవ్వుకి తనూ నవ్వబోయేది, అప్పటికి వాళ్లు ఇంకో మాటలోకి వెళ్లిపోయేవాళ్లు. వారం గడిచింది. సోమవారం ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే సంచీ తీసుకుని చివరి బెంచీకి వెళ్లింది.

టీచరుకి ఆ రోజు పాఠం చెప్పబుద్ధి కాలేదు. ఆ సరుకు పట్టీలో పెట్టింది తనే. గోడ దగ్గరికెళ్లి ఆ వరస మీద కాగితం అంటించింది. పిల్లలు గొణిగారు. బడి వదిలాక ఆ పిల్లని పిలిచి, "తప్పు నాదమ్మా. అమ్మకూడనిది అమ్మకానికి పెట్టాను. నీ బిళ్లలు నీకు తిరిగి వేసేస్తాను," అంది.

"వద్దు టీచర్. వారం కూర్చున్నాను కదా." సంచీ భుజానికి తగిలించుకుని, "ఆ అమ్మాయి మంచిదే," అంది.

మర్నాడు మధ్యాహ్నం టీచరు స్టాఫ్ రూముకి వెళ్లలేదు. క్యారేజీ పట్టుకుని క్లాసుకొచ్చింది. అందరూ ఆవరణలో ఉన్నారు. చివరి బెంచీలో ఆ పిల్ల ఒక్కతే తింటోంది.

"ఇక్కడ కూర్చోనా?"

పిల్ల సంచీ తీసి కింద పెట్టింది.

టీచరు కూర్చుని క్యారేజీ విప్పింది. "మా అమ్మ ఉన్నప్పుడు రోజూ నేనే వండేదాన్ని. ఇప్పుడు ఒక్కదానికి కొలత కుదరడం లేదు, ఎక్కువైపోతోంది," అంది.

"మా ఇంట్లో నేనే వండుతా. మొదట్లో నాకూ కుదరలేదు," అంది పిల్ల. గిన్నె ముందుకు జరిపింది. టీచరు తన కూర అందులో వడ్డించింది.

అలా కొన్ని వారాలు నడిచింది. ఆ పిల్ల దాచడం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి దేనికో కూడా రాసింది: కిటికీ పక్క చోటు. అది కొనుక్కోకముందే తండ్రికి ఇంకో ఊళ్లో పని దొరికింది. ఖాతా మూసే రోజున టీచరు వడ్డీతో సహా లెక్క కట్టి బిళ్లలు చేతికిచ్చింది. పిల్ల వాటిని లెక్కపెట్టి, సరిపోయాయని సంతకం చేసి, "అక్కడ ఇవి చెల్లవు కదా టీచర్," అంది. నవ్వుతూనే అంది. బల్ల మీద వదిలేసి వెళ్లిపోయింది.

టీచరు ఇప్పటికీ మధ్యాహ్నం క్లాసులోనే తింటుంది, చివరి బెంచీలో. ఎప్పుడైనా ఓ పిల్లో పిల్లాడో వచ్చి పక్కన కూర్చుంటారు. చాలా రోజులు ఎవరూ రారు. ఆవిడ మాత్రం తన సంచీ ఆ పక్క చోట పెట్టదు.